డిపాజిట్ మిషన్‌లో కన్‌ఫర్మ్ నొక్కాక లెక్క తక్కువ తేలితే ఆ డబ్బు పోయినట్టేనా?

కిరాణా కొట్టు, కూకట్‌పల్లి
శనివారం రాత్రి తొమ్మిది దాటాక మా బ్యాంకు మిషన్‌లోనే 500 నోట్లు 96 పెట్టాను, అంటే 48,000. ఐదు నోట్లు వెనక్కి ఇచ్చింది. తెర మీద 87 నోట్లు, 43,500 అని చూపిస్తే, వెనక జనం ఉన్నారని కన్‌ఫర్మ్ నొక్కేశాను. ఇంటికొచ్చి చూసుకుంటే నాలుగు నోట్లకు లెక్క లేదు. సోమవారం బ్రాంచిలో అడిగితే ‘మిషన్ టాలీ అయింది, ఎక్సెస్ ఏం లేదు, కన్‌ఫర్మ్ చేసింది మీరే కదా’ అన్నారు. రెండు వేలు వదిలేసుకోవాల్సిందేనా?

శ్రీను, సికింద్రాబాద్
వదిలేసుకోవడమే అన్నా. కన్‌ఫర్మ్ అంటే సంతకం కింద లెక్క. కౌంటర్ దగ్గర క్యాషియర్ ‘ఎనభై ఏడే ఉన్నాయి’ అంటే సరేనని వోచర్ దిద్ది ఇచ్చి, ఇంటికెళ్లాక ‘కాదు తొంభై ఒకటి’ అంటే ఎవడు వింటాడు? ఇదీ అంతే. ఆ తెర వచ్చినప్పుడు క్యాన్సిల్ నొక్కి ఉంటే 87 నోట్లూ చేతికొచ్చేవి, మళ్లీ లెక్కపెట్టుకునేవాడివి. అక్కడే చేజారింది.

మల్లీశ్వరి
ఏం పోదండీ, కంగారు పడకండి. మా తమ్ముడికి ఏటీఎంలో డబ్బు రాకుండానే ఖాతాలో కోత పడింది. నాలుగో రోజుకు దానంతటదే జమైంది. ఐదు రోజులు దాటితే రోజుకు వంద చొప్పున బ్యాంకే ఇవ్వాలని రిజర్వు బ్యాంకు రూలుంది. మీరూ ఐదు రోజులు ఆగి చూడండి.

జర్నల్ మనిషి, ఉప్పల్
మల్లీశ్వరి గారూ, మీరు చెప్పేది డబ్బు తీసేటప్పటి సంగతి. అక్కడ మిషన్ నోట్లు బయటికి ఇవ్వలేదని దాని రికార్డులోనే ఉంటుంది కాబట్టి చాలాసార్లు దానంతటదే వెనక్కి పడుతుంది. ఇక్కడ ఆ నాలుగు నోట్లు మిషన్ లెక్కలోకి ఎక్కనే లేదు. అడగకుండా కూర్చుంటే ఐదు రోజులు కాదు, ఐదు నెలలైనా ఎవరూ వెతకరు.

శ్రీనూ, కన్‌ఫర్మ్ గురించి నువ్వన్నది సగం నిజం. ఆ బటన్‌తో ‘87 నోట్లు ముట్టాయి’ అన్నది ఖాయమవుతుంది. అంతకు మించి మిషన్‌లోకి ఏమీ పోలేదని ఖాయం కాదు. కౌంటర్ మీద నోట్లు ఇద్దరి కళ్లముందు ఉంటాయి, ఇక్కడ మూతపడ్డాక లోపల ఏం జరిగిందో కస్టమర్‌కు కనపడదు. కాబట్టి నోట్లు లోపలే మిగిలాయా, ఇంకొకరి చేతికి పోయాయా అని చూడాలి.

మూత తెరుచుకున్న చోట పెట్టిన కట్టను రోలర్లు ఒక్కో నోటు చొప్పున లాగుతాయి. ప్రతి నోటూ సెన్సార్ కిందుగా పోతుంది. బాగున్నవి తాత్కాలిక అరలో ఆగుతాయి, నచ్చనివి తిరిగొస్తాయి. తెర మీద కనపడే అంకె సెన్సార్ దాటినవాటిదే. మూల మడతపడ్డ నోటు, తేమకు మెత్తబడ్డది, టేపు వేసినది ఒక్కోసారి సెన్సార్ దాకా పోకుండా పళ్లెం అడుగున నొక్కు పలక కింద ఉండిపోతుంది. లేదా దారి మధ్యలో పక్కకు జారుతుంది. అలాంటివి వచ్చినవాటిలోనూ తిరిగిచ్చినవాటిలోనూ లెక్కకు రావు. మీ నాలుగు నోట్లు లోపలే ఉంటే అవే అయి ఉండాలి.

శ్రీను, సికింద్రాబాద్
సరే, లోపలే ఉన్నాయనుకుందాం. మరి బ్రాంచి వాళ్లు టాలీ అయిందన్నారుగా. అబద్ధం చెప్తారా?

జర్నల్ మనిషి, ఉప్పల్
అబద్ధం చెప్పక్కర్లేదు. టాలీ అన్న మాటకు రెండు అర్థాలున్నాయి, చిక్కంతా అక్కడే.

ఒకటి, మిషన్ కౌంటర్లు చూపే మొత్తాన్ని సర్వర్ రిపోర్టుతో పోల్చడం. కుర్చీలోంచి లేవకుండా అయిపోతుంది. కానీ సెన్సార్ చూడని నోట్లు కౌంటర్‌లోనూ ఉండవు, సర్వర్‌లోనూ ఉండవు. అందుకని ఈ టాలీ ఎప్పుడూ కుదురుతుంది. రెండోది, పెట్టె తెరిచి నోట్లు చేత్తో లెక్కపెట్టడం. మీ 2,000 తేలితే ఇందులోనే తేలాలి.

అంకెలు ఊహించి చెప్తా. కిందటిసారి చేత్తో లెక్కపెట్టినప్పుడు మిషన్‌లో 6,20,000 ఉంది. తర్వాత జనం వేసింది 4,10,500, తీసింది 3,57,000. పుస్తకం ప్రకారం 6,73,500 ఉండాలి. నోట్లు దాచే పెట్టెలు, అంటే క్యాసెట్లు, తెరిచి లెక్కపెడితే సరిగ్గా అంతే వచ్చింది. అక్కడితో ఆపేస్తే టాలీ. రిజెక్టు పెట్టె, కస్టమర్ తీసుకోని నోట్లు పడే అర, నోట్లు నడిచే దారి, లోపలికి లాగే పళ్లెం కూడా చూస్తే అక్కడ నాలుగు 500 నోట్లు దొరికాయనుకోండి, మొత్తం 6,75,500. ఎక్సెస్ 2,000.

ఈలోపు ఇంకెక్కడో ఒక నోటు షార్టేజీ పడి ఉంటే, రెండూ కలిసిపోయి కాగితం మీద ఎక్సెస్ 1,500 అనే పడుతుంది. మీరు అడిగిన మొత్తంతో కలవలేదు కదా అని పక్కన పెట్టేస్తారు. పైగా డిపాజిట్లు తీసుకుని అవే నోట్లు తిరిగిచ్చే మిషన్‌ను రోజూ తెరవరు. శనివారం రాత్రి వేస్తే సోమవారం ఉదయానికి చేత్తో లెక్కపెట్టారా అన్నది మొదట అడగాల్సిన ప్రశ్న.

కిరాణా కొట్టు, కూకట్‌పల్లి
లెక్కపెట్టారో లేదో నేనడగలేదు. కంప్యూటర్ చూసి చెప్పారంతే. స్లిప్పు మాత్రం దాచాను. రాతపూర్వకంగా ఇవ్వాలంటే ఏమని రాయాలి?

జర్నల్ మనిషి, ఉప్పల్
ముందు ఆ స్లిప్పును ఫోటో తీసుకోండి. వేడి ముద్రణ కాగితం, కొన్నాళ్లకు తెల్లబోతుంది. దాని మీది మిషన్ నంబరు, లావాదేవీ నంబరు, సమయం యథాతథంగా ఎత్తి రాయండి. బ్యాంకు యాప్‌లోనో ఫోన్‌లోనో ఫిర్యాదు నమోదు చేసి, ఆ నంబరు కూడా వేసి, మిషన్ ఏ బ్రాంచిదో అక్కడే కాగితం ఇవ్వండి. మీ ఖాతా వేరే బ్రాంచిలో ఉంటే అక్కడా ఒక కాపీ. మీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోవడం మరవద్దు. ‘నా డబ్బు ఇప్పించండి’ అని రాస్తే ‘టాలీ అయింది’ అనే జవాబొస్తుంది. ఏం చూడాలో రాయాలి:

“ఫలానా తేదీ రాత్రి ఇన్ని గంటలకు పై మిషన్‌లో రూ.500 నోట్లు 96 ఉంచాను. 87 జమయ్యాయి, 5 తిరిగి వచ్చాయి, 4 తేలలేదు. దయచేసి (1) ఆ లావాదేవీ తర్వాత మొదటిసారి నగదును చేత్తో లెక్కించిన తేదీ, అప్పటి ఎక్సెస్ లేక షార్టేజీ, రిజెక్టు పెట్టె, నోట్ల దారి కలిపి తెలియజేయండి. (2) నా లావాదేవీతో పాటు దాని తర్వాతి మూడు లావాదేవీల మిషన్ జర్నల్ పరిశీలించండి. (3) ఆ పావుగంట సీసీ కెమెరా రికార్డింగు చెరిగిపోకుండా భద్రపరచండి.”

జర్నల్ అంటే ప్రతి లావాదేవీలో ఏం జరిగిందో మిషన్ తనే రాసుకునే చిట్టా. రెండో అంశం ఎందుకంటే, పళ్లెం అడుగున చిక్కిన నోటును తర్వాతి మనిషి కట్ట తోసుకుపోవచ్చు. అప్పుడది ఆయన ఖాతాలో పడుతుంది, లేదా ఆయనకు తిరిగొచ్చే నోట్లలో కలుస్తుంది. ఇతరుల వివరాలు మీకు చూపరు, చూపకూడదు కూడా. వాళ్లు చూసుకోవాలి. కెమెరా మీద మరీ ఆశ పెట్టుకోవద్దు. కట్టలో 96 ఉన్నాయో 92 ఉన్నాయో అందులో తెలియదు. తిరిగొచ్చిన నోట్లు మీరు పూర్తిగా తీశారా, ఒకటో రెండో వదిలి వెళ్తే ఎవరన్నా తీసుకున్నారా అన్నది మాత్రం కనపడొచ్చు. ఇందులో జవాబు మీకు వ్యతిరేకంగా కూడా రావచ్చు, చెప్పి ఉంచుతున్నా.

ఫణి, మెహిదీపట్నం
తెర మీద 43,500 చూపించి, కన్‌ఫర్మ్ నొక్కాక మిషన్ ఆగిపోయి ఖాతాలో సున్నా పడితే కూడా ఇదే దారా?

జర్నల్ మనిషి, ఉప్పల్
అది చాలా తేలిక. ఎన్ని నోట్లు లెక్కపెట్టిందో, ఎక్కడ ఆగిందో జర్నల్‌లోనే ఉంటుంది. బ్యాంకు లింకు తెగి మిషన్ మళ్లీ మొదలైనప్పుడు తాత్కాలిక అరలోని నోట్లు లోపలికి పోతాయి, ఎక్సెస్ పెద్ద మొత్తంగా కళ్లకు కడుతుంది. స్లిప్పు రాకపోతే మిషన్ మీద అతికించిన నంబరూ తెరా కలిపి ఫోటో తీసి, సమయం రాసుకుంటే చాలు. వేరే బ్యాంకు మిషన్‌లో యూపీఐతో వేసి ఉంటే మాత్రం ఫిర్యాదు మన ఖాతా ఉన్న బ్యాంకు నుంచి మొదలుపెట్టండి.

మల్లీశ్వరి
రోజుకు వంద సంగతి మాత్రం వదలను. రూలు ఏటీఎంలకేగా, ఇదీ ఏటీఎం లాంటిదేగా?

వసుంధర, అడ్వొకేట్
ఆ సర్క్యులర్ 2019 సెప్టెంబర్ 20ది, అదే ఏడాది అక్టోబర్ 15 నుంచి అమలు. ఏటీఎం కింద అందులో రాసింది ఖాతాలో కోత పడి నగదు రాని సందర్భం. నగదు వేసినప్పుడు జమ కాని సందర్భాన్ని ఆ పట్టికలో విడిగా రాయలేదు. అందుకని హక్కుగా అడిగితే బ్యాంకు కాదంటుంది. అయినా నేనైతే ఫిర్యాదులో ఆలస్యానికి పరిహారం అని ఒక వాక్యం పెడతాను. బ్యాంకు సొంత పరిహార విధానం చూపించమని అడుగుతాను.

జర్నల్ మనిషి, ఉప్పల్
నేను పెట్టను, మేడమ్. 2,000 తేలకముందే వంద గురించి రాస్తే జవాబంతా దాని మీదే తిరుగుతుంది. ముందు చేతి లెక్క తేలనివ్వండి.

వసుంధర, అడ్వొకేట్
తేలేలోపు ఎన్ని నెలలు? అడగని పరిహారం, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గర కొత్తగా ఎత్తుకోవడం కష్టం. బ్యాంకుకు రాతపూర్వకంగా ఇచ్చిన 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా cms.rbi.org.in లో వేయొచ్చు. సందేహాలకు 14448. అక్కడ మొదట అడిగేది బ్యాంకుకు ఇచ్చిన ఫిర్యాదు రుజువే, అందుకే ఆ ముద్ర ముఖ్యం. నోటిమాటగా ‘లేదు’ అన్నది అక్కడ పనికిరాదు.

కిరాణా కొట్టు, కూకట్‌పల్లి
ఈరోజు కాగితం ఇచ్చి ముద్ర వేయించుకొచ్చాను. పరిహారం వాక్యం కూడా పెట్టాను, ఉప్పల్ అన్నా ఏమనుకోవద్దు. మొదటి అంశం చదివి ఆఫీసరు మేడమ్ లోపలికెళ్లి అడిగొచ్చారు. శనివారం తర్వాత మిషన్ ఇంకా తెరవనేలేదట. నగదు నింపేవాళ్లు గురువారం వస్తారట, అప్పుడు చూస్తామన్నారు.

శ్రీను, సికింద్రాబాద్
అట్లయితే టాలీ అయిందని సోమవారం దేన్ని చూసి చెప్పినట్టు! సరే, నా మాట వెనక్కి తీసుకుంటున్నా, సగమే. గురువారం మూడు నోట్లే దొరికితే ఏం చేస్తావ్?

జర్నల్ మనిషి, ఉప్పల్
ఆ 1,500 తీసుకోండి. ‘పూర్తిగా పరిష్కారమైంది’ అన్న కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి, ‘కొంత ముట్టింది’ అని రాసివ్వండి. నాలుగో నోటు కోసం ఆ తర్వాతి మూడు లావాదేవీల జర్నల్ చూశారా అని మళ్లీ అడగండి.