మెట్రో స్టేషన్‌లో రెండు పంక్తులు: మిగతాది ఎవరు పూరించాలి?

పాతపుస్తకం: అమెరికన్ కవి ఎజ్రా పౌండ్ 1913లో అచ్చువేసిన ఈ కవిత పేరు ‘మెట్రో స్టేషన్‌లో’. తెలుగులో ఉజ్జాయింపుగా ఇలా ఉంటుంది:

గుంపులో పొడసూపిన ఈ ముఖాలు;
తడిసిన నల్లని కొమ్మ మీద రేకులు.

అంతే. వాక్యం ముగించే క్రియ లేదు, ‘లాగా’ లేదు. చదివేటప్పుడు మీరు ఏం పూరించారు?

నీలిగోరింట: ఇది ఉపమే కదండీ. ‘వలె’ తీసేశారు, లుప్తోపమ అయింది.

పాతపుస్తకం: సగం ఒప్పుకుంటాను. ‘పద్మంలాంటి ముఖం’ అంటే ఏ పోలికో మనకు ముందే తెలుసు. ఇక్కడ అది ఖరారు కాలేదు. పూలు కాదు, రేకులు. కొమ్మ తడిగా ఉందంటే వాన పడి ఉండాలి. మరి రేకులు ఆ కొమ్మవేనా, రాలి అంటుకున్నవా? నల్లని కొమ్మ ప్లాట్‌ఫామా, చీకటా? ఏదో ఒకటి అనుకోకుండా ఆ పంక్తి దాటలేం. అన్నట్టు, శీర్షికను చేత్తో మూసి చదవండి. ఆ గుంపు తిరునాళ్లదైనా కావచ్చు!

రాత్రిబండి: నేను కూడా ఒకటి రాశానండీ. పోటీకి పంపితే తిరిగొచ్చింది. ఇది కూడా పౌండ్ కవితలాగా బొమ్మ చూపించి ఊరుకునే ఇమేజిస్ట్ కవితేనా?

చివరి బస్సు వెళ్లిపోయింది
బెంచీ కింద ఒంటి చెప్పు
జీవితమూ ఇంతే

నీలిగోరింట: మూడో పంక్తి కొట్టేయండి.

పాతపుస్తకం: అవును. ‘శాంతి తాలూకు మసక నేలలు’ లాంటి మాటలు వాడొద్దని పౌండ్ అదే ఏడాది కొత్త కవులకు చెప్పాడు. నేలలు చూపించాక శాంతి అని చెప్పక్కర్లేదు. కానీ అది కొట్టేసినా మీ చెప్పు నాకు కనబడటం లేదు. ఎవరిది? తోలుదా, రబ్బరుదా? వస్తువు మసగ్గా ఉంటే పాఠకుడు దేన్ని పట్టుకుని ఊహించాలి?

కొబ్బరాకు: నాకైతే పౌండ్ కవిత దిగులుగా అనిపించింది. రేకులు ఎంతసేపుంటాయి?

పాతపుస్తకం: ఆయన 1914లో ఒక వ్యాసంలో ఈ కవిత పుట్టుక చెప్పాడు. పారిస్‌లో లా కాంకార్డ్ దగ్గర రైలు దిగితే ఒకదాని తర్వాత ఒకటి అందమైన ముఖాలు కనబడ్డాయట. ముందు 30 పంక్తులు రాసి పారేశాడు. ఆర్నెల్లకు అందులో సగం నిడివిది రాశాడు. మరో ఏడాదికి ఈ ఒక్క వాక్యం వచ్చింది. ఆయన చెప్పింది అందం గురించే, దిగులు గురించి కాదు.

కొబ్బరాకు: ఆ అందం అనే మాట కవితలో పెట్టలేదుగా. పెట్టనప్పుడు నా దిగులు తప్పెలా అవుతుందండీ?

నీలిగోరింట: అలాగైతే నేను పెళ్లిపందిరి అనుకుంటాను, సరేనా?

పాతపుస్తకం: పందిరికి ఆ తడీ నలుపూ అడ్డం. దిగులుకి మాత్రం అడ్డేమీ కనబడటం లేదు. అయినా ఆ వ్యాసం చదివాక నాకు దిగులు పోయింది. కవి మాట విని చదవాలా, వినకుండా చదవాలా అన్నది నేనింకా తేల్చుకోలేదు.

రాత్రిబండి: చిన్నపిల్ల చెప్పు అని మారిస్తే మరీ ఏడుపు సినిమాలా ఉంటుందేమో?