పల్లీ గొంతుకు అడ్డుపడింది, బయటికి వచ్చింది, కానీ దగ్గు తగ్గట్లేదు

రామంతాపూర్ అమ్మ:
ఆదివారం సాయంత్రం జరిగింది. మా బాబుకి మూడున్నరేళ్లు. వేయించిన పల్లీలు గుప్పిట్లో పెట్టుకుని, నవ్వుకుంటూ కారిడార్‌లో పరుగెత్తుతున్నాడు. ఉన్నట్టుండి ఆగిపోయాడు. నోరు తెరిచే ఉంది, శబ్దం లేదు. ఏడుపూ లేదు, దగ్గూ లేదు. మా అత్తగారు పొలమారిందనుకుని మాడు మీద తట్టారు, "ఎవరో తలుచుకుంటున్నార్రా" అంటూ గ్లాసుతో నీళ్లు కూడా తెచ్చారు. ఈలోపు పెదాలు నేరేడు పండు రంగుకి తిరిగాయి. నాకు చేతులు ఆడలేదు. వాచ్‌మన్ భార్య పరుగున వచ్చి మెట్ల మీద కూర్చుని, వాణ్ణి తొడ మీద బోర్లా వేసుకుని వీపు మీద గట్టిగా కొట్టింది. నాలుగో దెబ్బకి చొంగతో పాటు పల్లీ బద్ద ఒకటి టైల్స్ మీద పడింది. వెంటనే ఏడ్చాడు.

నా ప్రశ్నలు రెండు. ఆమె చేసింది సరైనదేనా? అంత గట్టిగా కొడితే పిల్లల వీపుకి ఏమైనా అవుతుందా? అత్తగారు నీళ్లు పట్టించి ఉంటే సరిపోయేదని ఇప్పటికీ అంటున్నారు. ఆ రోజు నుంచి రాత్రిళ్లు దగ్గుతున్నాడు, అది వాతావరణం వల్లే అనుకుంటున్నాం.

ట్రైనింగ్ బాబు:
అక్కా, వీపు మీద కొట్టడం తప్పు. మా ఆఫీసులో 2017లో ఫస్ట్ ఎయిడ్ ట్రైనింగ్ ఇచ్చారు. వెనక నుంచి పట్టుకుని పొట్ట మీద నొక్కాలి, అంతే. వీపు మీద కొడితే ఉన్నది ఇంకా లోపలికి జారుతుందని స్పష్టంగా చెప్పారు. మీకు అదృష్టం కలిసొచ్చింది.

చేపల పులుసు:
మా ఇంట్లో ఎప్పుడూ అవుతుంటుంది ఇది. ఏం లేదు, ఒట్టి అన్నం ముద్ద పెద్దది నమలకుండా మింగేయాలి. లేదంటే అరటిపండు. ముల్లు దానితో పాటు దిగిపోతుంది. మొన్న కొర్రమీను తిన్నప్పుడు నాకూ అలాగే పోయింది.

పాత 108:
అంబులెన్స్‌లో పదకొండేళ్లు టెక్నీషియన్‌గా చేశాను. ముందు పులుసు అన్నకి: మీది ముల్లు, వీళ్లది పల్లీ. ముల్లు గుచ్చుకున్నవాడు "అబ్బా ఇక్కడే ఉంది" అని వేలు పెట్టి చూపిస్తాడు. అంటే మాట వస్తోంది, ఊపిరి ఆడుతోంది. అది అన్నం వెళ్లే దారిలో ఇరుక్కుంది. దానికి కూడా అన్నం ముద్ద మంచిది కాదు, ముల్లు ఇంకా లోతుగా దిగొచ్చు. ఈఎన్‌టీ డాక్టర్ టార్చి వేసి పట్టకారుతో తీసేస్తారు. ఊపిరి ఆగిన పిల్లాడికి ఎవరూ అన్నం ముద్ద పెట్టకండి, దయచేసి.

ఇప్పుడు అమ్మా మీ సంగతి. మొదట మీరు చూడాల్సింది శబ్దం. దగ్గు గట్టిగా, ఖంగుఖంగుమని వస్తుంటే, ఏడుస్తుంటే, మాట్లాడుతుంటే గాలి వెళ్తున్నట్టే. అప్పుడు వీపు మీద కొట్టకండి, నీళ్లు ఇవ్వకండి. ముందుకు వంచి "దగ్గు నాన్నా, ఇంకా దగ్గు" అంటూ పక్కనే ఉండండి. దగ్గుని మించిన మందు లేదు. మామూలుగా పొలమారడం అంటే ఇదే, దీనికి మాడు మీద తట్టినా తట్టకపోయినా తగ్గిపోతుంది. అందుకే మాడు తడితే పోతుందని మన పెద్దవాళ్లకి అంత నమ్మకం.

భయపడాల్సింది మీరు చెప్పిన మౌనానికి. నోరు తెరిచి ఉండి శబ్దం రాకపోవడం, లేదా దగ్గబోతే గాలి లేని పేలవమైన శబ్దం రావడం, పెదాలు నల్లబడటం. ఇక అక్కడి నుంచి మీకున్నది కొద్ది నిమిషాలే. నీళ్లు మింగే స్థితి కాదు అది, పోస్తే అవీ ఊపిరి గొట్టంలోకే పోతాయి.

వాచ్‌మన్ గారి భార్య చేసినది సరిగ్గా చెయ్యాల్సిందే. తల కిందికి ఉండాలి, దెబ్బ రెండు భుజాల రెక్కల మధ్య పడాలి. అరచేతిలో మణికట్టుకి ఆనుకుని ఉండే గట్టి చోటుతో కొట్టాలి. ఒక్కో దెబ్బా వేరుగా, దానితోనే బయటికి తీయాలన్నట్టు కొట్టాలి. ఐదు దెబ్బలు, మధ్యలో వచ్చేస్తే ఆపెయ్యండి. ఆ బలానికి వీపు కందొచ్చు, అది రెండ్రోజుల్లో పోతుంది.

రామంతాపూర్ అమ్మ:
అన్నా, ఐదింటికీ రాకపోతే?

పాత 108:
ఏడాది దాటిన పిల్లలకీ పెద్దవాళ్లకీ పొట్ట మీద నొక్కడం. పిల్లాడి వెనక మోకాళ్ల మీద కూర్చోండి. ఒక చేతిని పిడికిలి బిగించి బొడ్డుకి కాస్త పైన, రొమ్ము ఎముకకి తగలకుండా దానికి బాగా కింద పెట్టండి. రెండో చేత్తో ఆ పిడికిలిని పట్టుకుని ఒక్కసారిగా మీ వైపుకీ పైకీ లాగండి. ఐదుసార్లు. మళ్లీ ఐదు వీపు దెబ్బలు. వచ్చేవరకూ, లేదా పిల్లాడు సొమ్మసిల్లేవరకూ ఇదే. ఇంకొకరు ఉంటే 108కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టమనండి. ఒక్కరే ఉంటే మీరే స్పీకర్‌లో పెట్టి చేస్తూ మాట్లాడండి. బైక్ మీద ఎక్కించుకుని ఉప్పల్ ట్రాఫిక్‌లో పడితే దారిలో ఎవరూ ఏమీ చెయ్యలేరు. చెయ్యాల్సింది ఇంట్లోనే, ఆ నిమిషాల్లోనే.

ట్రైనింగ్ బాబు గారూ, మీకు చెప్పినవాళ్లు అబద్ధం చెప్పలేదు. అమెరికా వాళ్ల పద్ధతిలో ఏడాది దాటినవాళ్లకి చాలా ఏళ్లు పొట్ట నొక్కడం ఒక్కటే ఉండేది. యూరప్ వాళ్లు చాలా ఏళ్లుగా వీపు దెబ్బలతో మొదలుపెట్టమనే చెప్తున్నారు. 2025లో అమెరికా వాళ్లూ మార్చారు: ముందు ఐదు వీపు దెబ్బలు, తర్వాత ఐదు పొట్ట నొక్కులు. లోపలికి జారుతుందన్న భయం నిటారుగా నిలబెట్టి కొట్టడం వల్ల వచ్చింది. అందుకే వంచడం అన్నది అంత ముఖ్యం.

ట్రైనింగ్ బాబు:
మారిస్తే మార్చారు గానీ అన్నా, టెన్షన్‌లో నా చేతికి వచ్చేది నేర్చుకున్నదే. నేను పొట్ట నొక్కడంతోనే మొదలుపెడతా.

పాత 108:
మొదలుపెట్టండి, ఊరికే నిలబడటం కంటే వెయ్యి రెట్లు నయం. ఒక్క షరతు. మీ ఇంట్లో ఎనిమిది నెలల పాప ఉందని ఇంకో చోట రాశారు కదా, ఆమెకి మాత్రం పొట్ట నొక్కొద్దు. అంత చిన్న పిల్లల్లో కాలేయం పక్కటెముకల కిందికి దిగి ఉంటుంది, దెబ్బ తగులుతుంది. ముంజేతి మీద బోర్లా వేసి, తల కిందికి ఉంచి, దవడని వేళ్లతో పట్టుకుని ఐదు వీపు దెబ్బలు. తర్వాత వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక కింది సగం మీద ఐదుసార్లు నొక్కాలి. కాళ్లు పట్టుకుని తలకిందులుగా ఊపడం పాతకాలం పని, వద్దు.

బోడుప్పల్ అత్తయ్య:
మా వారికి రెండేళ్ల క్రితం పక్షవాతం వచ్చింది. ఇడ్లీ తిన్నా, టీ తాగినా దగ్గొస్తుంది. నేనూ రోజూ వీపు మీద తడుతున్నాను. తప్పా?

పాత 108:
దగ్గు వస్తున్నంతవరకూ తట్టకండి అత్తయ్యా, ఆయన్ని దగ్గనివ్వండి. రోజూ అలా అవుతోందంటే మింగే కండరాలు పట్టు తప్పాయేమో చూడాలి, న్యూరాలజీ డాక్టర్‌కి చెప్తే మింగడం నేర్పే థెరపిస్ట్ దగ్గరికి పంపుతారు. తిన్న తర్వాత గొంతు తడితడిగా మారితే, జ్వరాలు మాటిమాటికీ వస్తే వెంటనే చెప్పండి. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న ముద్దలు పెట్టండి.

పెద్దవాళ్ల విషయంలో ఒకటి నా కళ్లతో చూసింది చెప్తాను. ఎల్బీనగర్ వైపు ఒక ఫంక్షన్ హాల్. మటన్ ముక్క ఇరుక్కున్న ఆయన అందరి ముందు సిగ్గుపడి, గొంతు పట్టుకుని లేచి వాష్‌బేసిన్ వైపు వెళ్లాడు. వాంతికి వెళ్లాడనుకున్నారు. మేం వెళ్లేసరికి అక్కడే పడి ఉన్నాడు. తింటూ తింటూ మాట లేకుండా లేచి వెళ్లేవాళ్లని ఒంటరిగా వదలకండి. "గొంతుకు అడ్డుపడిందా?" అని అడగండి. తల ఊపి మాట్లాడలేకపోతే అదే జవాబు. పొట్ట బాగా ఉన్నవాళ్లకీ, నెలలు నిండిన గర్భిణులకీ పిడికిలి రొమ్ము ఎముక మధ్యలో పెట్టి నొక్కాలి.

సొమ్మసిల్లితే నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి ఛాతీ మధ్యలో నొక్కడం మొదలుపెట్టాలి. ముప్పైసార్లు నొక్కి, నోరు తెరిచి చూసి, కనబడితేనే తీసి, రెండుసార్లు ఊపిరి ఊదాలి. కనబడనిదాన్ని వేలితో కెలికితే లోపలికి తోస్తాం.

ట్రైనింగ్ బాబు:
గొంతులోంచి లాగే పంపులాంటి పరికరం ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు, అది కొనొచ్చా?

పాత 108:
నేను వాడలేదు. నా ఇంట్లో ఉన్నా ముందు చేతులతోనే మొదలుపెడతాను, దాన్ని వెతికే సమయం అందులో పోకూడదు.

ఇక అమ్మా, నాకు అసలు గుచ్చుకున్న మాట మీరు మధ్యలో రాసింది. "పల్లీ బద్ద ఒకటి" పడిందన్నారు. పల్లీకి రెండు బద్దలు. రెండోది ఎక్కడ? నమిలి మింగేశాడా, ఇంకా లోపలే ఉందా? అప్పటి నుంచే దగ్గు మొదలైందంటే నేను వాతావరణం అనుకోను. చిన్న బద్ద ఊపిరి గొట్టం దాటి కిందికి జారితే ఊపిరి ఆగదు, పిల్లాడు ఆడుకుంటాడు, దగ్గు మాత్రం ఉంటుంది. కొన్నిసార్లు ఒక వైపు నుంచి పిల్లికూత వినిపిస్తుంది. పల్లీ ఎక్స్‌రేలో కనబడదు, నాని ఉబ్బుతుంది, నూనె వల్ల లోపల వాపు తెస్తుంది. రేపటిదాకా ఆగకుండా ఇవాళే పిల్లల డాక్టర్‌కి చూపించండి. "పల్లీ అడ్డుపడింది, అప్పటి నుంచి దగ్గు" అని మొదటి మాటగా చెప్పండి. జలుబు అంటే సిరప్ రాసిచ్చి పంపిస్తారు.

రామంతాపూర్ అమ్మ:
అన్నా, నిన్న రాత్రే వెళ్లాం. మొదటి డాక్టర్ స్టెత్ పెట్టి కుడివైపు గాలి తక్కువగా వినబడుతోందన్నారు. ఎక్స్‌రేలో పల్లీ కనబడలేదు గానీ కుడి ఊపిరితిత్తి గాలి బిగిసినట్టుందని పెద్ద ఆసుపత్రికి పంపారు. తెల్లవారుజామున మత్తు ఇచ్చి గొట్టం వేసి చూశారు. ఉంది. సగం బద్ద, మెత్తబడి, పొట్టుతో సహా. చిన్న డబ్బాలో వేసి మాకు చూపించారు కూడా. ఈ సాయంత్రం ఇంటికి పంపుతామన్నారు. ఇప్పుడు బిస్కెట్ కావాలని ఏడుస్తున్నాడు, డాక్టర్ చెప్పేదాకా ఇవ్వకూడదట.

బోడుప్పల్ అత్తయ్య:
దేవుడి దయ. అయితే పల్లీలు ఎన్నేళ్లకి పెట్టొచ్చు?

పాత 108:
గింజగా అయితే నాలుగైదేళ్లు దాటేదాకా వద్దు. పొడి చేసి అన్నంలో కలపండి, పల్లీ చట్నీ పెట్టండి. ద్రాక్ష అయితే నిలువుగా కోసి ఇవ్వండి. ఏది పెట్టినా కూర్చోబెట్టే పెట్టండి.

చేపల పులుసు:
సరే, నాకొక ముల్లు ఇంకా గుచ్చుతున్నట్టే ఉంది. అన్నం ముద్ద మింగి నాలుగు రోజులైంది. ఏ డాక్టర్‌కి చూపించాలన్నారు?

రామంతాపూర్ అమ్మ:
ఈఎన్‌టీ అన్నా, ఇవాళే వెళ్లండి. మా అత్తగారు పక్కనే ఉన్నారు, ఆ డబ్బా చూశాక కూడా "నీళ్లు తాగిస్తే దిగిపోయేది" అంటున్నారు.