అప్‌డేట్: విదేశం నుంచి లాగిన్ తిరస్కరణ, కారణం తెలిసింది
నా ప్రశ్న: “విదేశానికి వచ్చాక మన దేశపు బ్యాంకు, సినిమాల యాప్ రెండూ లాగిన్‌ను ఎందుకు నిరాకరిస్తున్నాయి?”

సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు. వైఫై ఆపి స్వదేశపు సిమ్ రోమింగ్ డేటాతో ప్రయత్నించమన్న సూచనతో విషయం తేలింది: అదే ఫోన్‌లో రెండూ వెంటనే తెరుచుకున్నాయి, ఎందుకంటే రోమింగ్ డేటా సాధారణంగా స్వదేశపు ఆపరేటర్ గుండానే వెళ్తుంది కాబట్టి ఐపీ చిరునామా స్వదేశానిదిగానే కనిపిస్తుంది. కుకీలు తుడిచివేయడం, డీఎన్‌ఎస్ మార్చడం ఇందులో అనవసరమే. అద్దె వీపీఎన్ స్వదేశపు చిరునామానే ఇచ్చినా, అది డేటా సెంటర్‌కు చెందినదని గుర్తించి రెండూ తిరస్కరించాయి.

చివరకు బ్యాంకు సహాయ విభాగం నా ఖాతాకు విదేశీ లాగిన్‌ను అనుమతించింది. సినిమాల యాప్ మాత్రం, ప్రసార హక్కులు దేశాలవారీగా ఉంటాయి కనుక, ఇక్కడ వైఫైలో తెరుచుకోదు.