సంక్రాంతి వేడుక, ఆటల బల్లలు: జెక్స్ నిమ్ట్ అనే ముక్కల ఆటను ఐదు నిమిషాల్లో నేర్పడానికి చెప్పవలసిన మాటలు

ఆటల బాధ్యురాలు (ఫ్రాంక్‌ఫర్ట్): భోజనాల తర్వాత హాలంతా గోలగా ఉంటుంది కాబట్టి మైకులో చెప్పవద్దు, ఒక్కో బల్ల దగ్గర ఒకరు నిలబడి నేర్పాలి. ముక్కలు 104, ఒక్కొక్కరికి పది, బల్ల మీద నాలుగు వరుసలకు మొదటి ముక్కలుగా నాలుగు. అంటే గరిష్ఠంగా పదిమంది, కానీ ఆరుగురైతే హాయిగా సాగుతుంది. ముందు ముక్కలు పంచేయండి. చేతిలో ముక్కలుంటేనే జనం వింటారు. తర్వాత ఈ మాటలు:

“ముక్కలు మీ దగ్గరికి రాకుండా చూసుకోవడమే ఆట. ముక్క మీద ఉన్న ఎద్దు తలలు మీకు పడే పాయింట్లు. అందరూ ఒక ముక్క బోర్లా పెట్టి, ఒకేసారి తిప్పండి. చిన్న అంకె ముందు వెళ్తుంది. వరుసలో ఆరో ముక్క మీదైతే, ముందున్న ఐదూ మీవే. మీ ముక్కే ఆ వరుసకు మొదటిదవుతుంది.”

వంటల కమిటీ: దగ్గరి అంకె ఉన్న వరుసలో పెట్టాలి, అంతే కదా?

ఆటల బాధ్యురాలు: సగమే నిజమండీ. అందరూ తడబడేది ఇక్కడే. వరుసల చివర 12, 37, 58, 90 ఉన్నాయనుకోండి. మీది 36. దగ్గరిది 37, కానీ మీ ముక్క దానికంటే చిన్నది, అక్కడ పెట్టకూడదు. 12 పక్కకే వెళ్లాలి. మీకంటే చిన్నవాటిలో దగ్గరిది చూడాలి. ఈ 36 ఉదాహరణ ప్రతి బల్ల దగ్గర చేసి చూపండి.

కొత్త సభ్యుడు: మా నాన్నగారు రమ్మీ బాగా ఆడతారు. జోకర్ ఏది, సెట్లు ఎలా కలపాలి?

ఆటల బాధ్యురాలు: ఇందులో సెట్లూ జోకరూ లేవు. అయితే రమ్మీలో లాగే ఇక్కడా పాయింట్లు తక్కువ ఉన్నవారిదే గెలుపు. మీ నాన్నగారికి ఆ మాటతోనే మొదలుపెట్టండి, వెంటనే పట్టేస్తారు.

పిల్లల విభాగం: 5 లాంటి ముక్క నాలుగింటికంటే చిన్నదైతే? మా అమ్మాయి మొదటిసారి ఆడినప్పుడు అది ఎవరూ చెప్పలేదని ముక్కలు వదిలేసి లేచిపోయింది.

ఆటల బాధ్యురాలు: అప్పుడు తనకు నచ్చిన ఒక వరుస తీసుకుని, ఆ చోట 5 పెట్టాలి. తలలు తక్కువున్న వరుసే తీసుకుంటారు. ఆ పరిస్థితి వచ్చినప్పుడే చెబితే చాలని నా అభిప్రాయం. మొదటి విడతలో వరుసకు ఒక్క ముక్కే కాబట్టి పెద్దగా నష్టం ఉండదు.

పిల్లల విభాగం: పిల్లలకు ముందే చెప్పాలి. లేకపోతే మోసమనుకుంటారు.

ఆటల బాధ్యురాలు: మీ బల్ల దగ్గర అలాగే చేయండి. పెద్దల దగ్గర నేను ఆగుతాను. ఒక్క మాట, 55 మీద ఏడు తలలు, ఇంకొకదాని మీద ఐదు అని ఎవరూ జాబితా చదవకండి. ముక్క మీదే కనిపిస్తాయి. మొదటి విడత లెక్కపెట్టకుండా, ముక్కలు తెరిచి ఆడించండి.

వంటల కమిటీ: నియమం ప్రకారం ఎవరికైనా 66 పాయింట్లు వచ్చేదాకా ఆడాలట. పాయసం చల్లారిపోతుంది!

ఆటల బాధ్యురాలు: రెండు పంపకాలతో ఆపుదామా? శనివారం లోపు చెప్పండి. మూడో బల్లకు నేర్పేవారు ఇంకా దొరకలేదు.