సరుకు హైదరాబాద్ దాటలేదు, మరి ఐజీఎస్‌టీ ఎందుకు?

బాలానగర్‌లో మాది చిన్న వర్క్‌షాప్. బెంగళూరు కంపెనీ ఒకటి లక్ష రూపాయల ఎలక్ట్రికల్ ప్యానెల్ ఆర్డరిచ్చి, పటాన్‌చెరులోని తన కస్టమర్‌కు నేరుగా దింపమంది. బండి తెలంగాణ దాటలేదు కదా అని సీజీఎస్‌టీ 9,000, ఎస్‌జీఎస్‌టీ 9,000 వేశాను. వాళ్లు బిల్లు తిప్పి పంపారు.

ఐజీఎస్‌టీ చట్టం సెక్షన్ 10(1)(బి) చదివాను. సరుకు ఎక్కడ దిగినా, దింపమని చెప్పినవాళ్ల ప్రధాన వ్యాపార స్థలమే సప్లై స్థలమట. వాళ్ల జీఎస్‌టీ నంబరు 29తో, మాది 36తో మొదలవుతుంది. అంటే ఐజీఎస్‌టీ 18,000 వేయాలి, అంతేనా?

జీఎస్‌టీఆర్-1 ఇంకా ఫైల్ చేయలేదు. పాత బిల్లు రద్దు చేసి కొత్తది ఇస్తే చాలా, క్రెడిట్ నోట్ తప్పదా? పోయిన నెల ఇలాంటిదే ఇంకొకటి ఫైల్ చేసి, పన్ను కూడా కట్టేశాను. అదే అసలు టెన్షన్. సీజీఎస్‌టీ చట్టం సెక్షన్ 77 కింద ఐజీఎస్‌టీ మళ్లీ కట్టి, పాతది రీఫండ్ తెచ్చుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఎలా చేశారో చెప్పండి.