ఇంటర్న్‌షిప్ అయిపోకముందే ఫుల్‌టైమ్ సంగతి అడగాలా, వాళ్లే చెప్పేదాకా ఆగాలా?

ఐదో నెల: నాది ఆరు నెలల ఇంటర్న్‌షిప్. ఇంకా ఐదు వారాలుంది. ఫుల్‌టైమ్‌కి తీసుకుంటారో లేదో ఎవరూ నోరు విప్పట్లేదు. మేనేజర్‌కి ఈ మెసేజ్ పెడదామనుకుంటున్నా: "సర్, నా ఇంటర్న్‌షిప్ అయిపోవస్తోంది. నన్ను ఫుల్‌టైమ్‌కి తీసుకుంటారా? లేకపోతే వేరేచోట చూసుకోవాలి. త్వరగా చెప్పగలరు." ఇప్పుడే పంపనా, ఆఖరి వారం దాకా ఆగనా?

నిదానం: ఆగండి. పని బాగుంటే వాళ్లే పిలుస్తారు. మా టీమ్‌లో ఒకబ్బాయి వారానికోసారి "నా సంగతేమైంది సర్" అని అడిగేవాడు. చివరికి అతన్ని తీసుకోలేదు. నోరు మూసుకుని పని చేసుకున్న అమ్మాయిని తీసుకున్నారు.

పాత మేనేజర్: ఆ అబ్బాయి వారానికోసారి అడిగాడు. ఇక్కడ అడగాలనుకుంటున్నది ఒక్కసారి. రెండూ ఒకటి కావు.

తొమ్మిదేళ్లుగా ఇంటర్న్‌లను చూస్తున్నాను. మేనేజర్ మాట్లాడకపోవడానికి చాలాసార్లు కారణం ఇంటర్న్ పని తీరు కాదు, పోస్టు ఉందో లేదో ఆయనకే తెలియకపోవడం. ఇంటర్న్ సీటు వేరు, ఫుల్‌టైమ్ సీటు వేరు. రెండోదానికి ఏడాది జీతం బడ్జెట్‌లో కనిపించాలి. నేను అడిగితే నా పైవాళ్లు ఒప్పుకోవాలి, తర్వాత ఫైనాన్స్ ఒప్పుకోవాలి, అప్పుడు హెచ్ఆర్ జీతం ఎంతో తేల్చి ఆఫర్ లెటర్ తయారు చేస్తుంది. ఎక్కడో ఒకరు సెలవులో ఉంటారు, ఫైలు అక్కడే పడుకుంటుంది. మా దగ్గర అంతా సవ్యంగా జరిగితే మూడు వారాలు పట్టేది, సాధారణంగా ఐదు. ఆఖరి వారంలో అడిగితే నాకు మనసున్నా చేతిలో టైమ్ ఉండదు. కాబట్టి ఐదు వారాల ముందు అడగడం తొందర కానే కాదు, నన్నడిగితే కాస్త ఆలస్యమే.

నిదానం: సరే, ఒక్కసారైతే ఒప్పుకుంటా. అయినా రాతలో ఎందుకు? ఎదురుగా కూర్చున్నప్పుడు అడగొచ్చుగా.

పాత మేనేజర్: అడగొచ్చు, మంచిదే. కానీ ఎదురుగా అడిగితే ఆయన అప్పటికప్పుడు ఏదో ఒకటి చెప్పాలి, ఆ "ఏదో ఒకటి" ఎప్పుడూ "చూద్దాం" అవుతుంది. మెసేజ్ అయితే పైవాళ్లను కనుక్కుని జవాబివ్వడానికి వీలుంటుంది. ముందు మెసేజ్, దాని మీద పది నిమిషాల మాట. అలా నాకు నచ్చుతుంది.

ఇక ఆ డ్రాఫ్ట్. "తీసుకుంటారా" అనేదే అందులో చిక్కు. అవునని చెప్పే అధికారం ఆయనకు లేదు, కాదని చెప్పడం ఇష్టం ఉండదు, అందుకని జవాబే రాదు. ఆయన నిజంగా జవాబివ్వగలిగే ప్రశ్న అడగండి. ఇలా రాయొచ్చు:

"సర్, నా ఇంటర్న్‌షిప్ ఇంకో ఐదు వారాల్లో పూర్తవుతుంది. ఇదే టీమ్‌లో ఫుల్‌టైమ్‌గా కొనసాగాలని ఉంది. మన దగ్గర దానికి పోస్టు ఉండే అవకాశం ఉందా? ఉంటే ఎవరు నిర్ణయిస్తారు, సుమారుగా ఎప్పటికి తెలుస్తుంది? నా వైపు నుంచి ఏమైనా రాసివ్వాల్సి ఉంటే ఈ వారమే ఇస్తాను. వీలైతే ఒక పది నిమిషాలు మాట్లాడదాం."

చేసిన పనుల చిట్టా ఇందులో పెట్టకండి. ఆయన అడిగితే విడిగా ఇవ్వండి, అదీ సగం పేజీ దాటకుండా: ఏం తయారు చేశారు, దాన్ని ఇప్పుడు ఎవరు వాడుతున్నారు, మీరు లేకపోతే ఏది ఆగుతుంది. నా పైవాళ్ల ముందు నేను చదివి వినిపించేది ఆ కాగితమే.

రసీదు కావాలి: ఇవన్నీ అనవసరం. నేరుగా హెచ్ఆర్‌కి మెయిల్ కొట్టి మేనేజర్‌ని సీసీలో పెట్టండి. రాతపూర్వకంగా ఉంటే తప్పించుకోలేరు.

పాత మేనేజర్: హెచ్ఆర్ ఆ మెయిల్ చూడగానే చేసేది నాకు ఫోన్ చేసి "ఇతన్ని అడిగారా?" అనడం. నేను అప్పటికి అడిగి ఉండకపోతే ఇద్దరి ముందూ ఇరుకున పడతాను. చాలా చోట్ల అడగాల్సింది మేనేజరే, హెచ్ఆర్ తనంతట తాను పోస్టు పుట్టించదు. కానీ ఒక మాట ఒప్పుకుంటాను. కొన్నిచోట్ల ఇంటర్న్‌లందరినీ హెచ్ఆరే ఒక పద్ధతిలో చూస్తుంది, మధ్యలో ఒక రివ్యూ, చివర్లో ఒకటి ఉంటాయి. అలాంటి చోట హెచ్ఆర్‌ని "నిర్ణయాలు ఎప్పుడు వస్తాయి" అని అడగడంలో తప్పులేదు.

మూడోసారి ఇంటర్న్: నా కథ వినండి. నేనూ ఇలాగే మర్యాదగా అడిగా. "ఇంకో మూడు నెలలు పొడిగిస్తాం" అన్నారు. సరేనన్నా. మళ్లీ మూడు నెలలు. ఇప్పుడు నడుస్తున్నది మూడో పొడిగింపు. స్టైపెండ్ కూడా ఆలస్యంగా వస్తోంది, దానికి ఎవరికి రాయాలి?

పాత మేనేజర్: స్టైపెండ్‌కి వేరే చర్చ పెట్టండి, ఇక్కడ కలిసిపోతుంది. పొడిగింపు సంగతి మాత్రం అసలు ప్రశ్నలోదే. పొడిగిస్తామన్నప్పుడు "ఆ మూడు నెలల తర్వాత ఏ పోస్టు కోసం చూస్తున్నారు, అది ఎప్పుడు తేలుతుంది" అని అడగాలి. తేదీ చెబితే పొడిగింపు ఒక వంతెన. చెప్పలేకపోతే తక్కువ డబ్బుకి అదే పని చేయించుకోవడం.

రసీదు కావాలి: ఇందుకే "నా చేతిలో ఇంకో ఆఫర్ ఉంది" అని రాయమంటాను. లేకపోయినా సరే. కదులుతారు.

పాత మేనేజర్: లేనిది రాయకండి. "అయితే అక్కడికే వెళ్లండి, శుభాకాంక్షలు" అంటే ఏం చేస్తారు? నేను ఒకసారి అలాగే అన్నాను, బెదిరించడానికి కాదు, పోస్టు నిజంగానే లేదు. అతని ముఖం ఇప్పటికీ గుర్తుంది. నిజంగా ఆఫర్ ఉండి, దానికి జవాబు చెప్పాల్సిన తేదీ ఉంటే మొదటి మెసేజ్‌లోనే ఆ తేదీ రాయండి. అది నాకు పైవాళ్లను తొందరపెట్టడానికి పనికొస్తుంది.

నిదానం: నిజమైనా మొదటి మెసేజ్‌లో వద్దంటాను. బేరం లాగా వినిపిస్తుంది. మాట మొదలయ్యాక చెప్పొచ్చు.

పాత మేనేజర్: అక్కడ మనకు కుదరదు. తేదీ దాటాక తెలిస్తే నేను చేయగలిగేది సున్నా.

ఐదో నెల: "వేరేచోట చూసుకోవాలి" అన్న ముక్క తీసేశాను. పాత మేనేజర్ గారు రాసినట్టే కొంచెం నా మాటల్లోకి మార్చి నిన్న పంపాను. ఈరోజు జవాబొచ్చింది: "ఈ క్వార్టర్‌లో పోస్టు లేదు. వచ్చే క్వార్టర్‌కి ఒకటి అడిగాను, రెండు వారాల్లో తెలుస్తుంది. నువ్వు చేసిన పనులు అర పేజీలో రాసి పంపు." దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

రసీదు కావాలి: మర్యాదగా కాదన్నారు, అంతే.

పాత మేనేజర్: కాదనుకుంటే అర పేజీ అడగరు. అది పైకి పంపడానికే అయ్యుంటుంది. అయినా అది ఆయన అడగడమే, పైవాళ్లు ఒప్పుకోవడం కాదు. కాగితం రేపే ఇచ్చేయండి. రెండు వారాలు నిండిన రోజు "సర్, ఆ పోస్టు గురించి ఏమైనా తెలిసిందా" అని ఒక్క వాక్యం, మధ్యలో ఏమీ వద్దు. ఈలోపు బయట అప్లై చేయడం ఆపకండి. వచ్చే నెల పనుల ప్లానింగ్‌లో మీ ఆఖరి తేదీ దాటిన పనికి మీ పేరు పెడుతున్నారేమో కూడా గమనించండి.

మూడోసారి ఇంటర్న్: అది నమ్మకండి. ఏడు నెలల తర్వాతి పనులకి కూడా నా పేరు పెట్టారు. పొడిగించడానికి పనికొచ్చింది.

పాత మేనేజర్: అదీ నిజమే. నేనూ ఎవరి పేరు పెట్టాలో తేలక ఇంటర్న్ పేరు పెట్టిన సందర్భాలున్నాయి.

ఐదో నెల: కాగితం పంపేశా. ఒక పేజీ అయింది, కోసి కోసి అరకి తెచ్చా. వచ్చే క్వార్టర్ మొదలయ్యేది నా ఆఖరి తేదీ తర్వాత మూడు వారాలకి. ఒకవేళ పోస్టు వచ్చినా ఆ మూడు వారాలు నేను ఏమవుతానో అడగడం మర్చిపోయా. ఇప్పుడే అడగనా, ఆ రెండు వారాలయ్యాక అడగనా?