నోరు విప్పని తరగతి కథ: శనివారానికి పిల్లలు మాట్లాడాలా?

కొత్తకలం: ఉపాధ్యాయ శిక్షణ పత్రికకు కథ రాస్తున్నాను. ఏజెన్సీలో మూడో తరగతి, కోయ పిల్లలు, మైదానం నుంచి వచ్చిన కొత్త సారు, మొదటి వారం. వెయ్యి మాటలే చోటు. శనివారానికి తరగతి గలగలా మాట్లాడినట్టు రాస్తే నమ్ముతారా?

నల్లబల్ల: నమ్మరు, చదివేవాళ్లంతా టీచర్లే. ముందు ఆ మౌనం సరిగ్గా రాయండి. చిన్న తరగతుల్లో పూర్తి నిశ్శబ్దం అరుదు. "అర్థమైందా?" అంటే అందరూ ఒకే గొంతుతో "అర్థమైంది సార్" అంటారు. ఒక్కరిని లేపితేనే తల దించుకుంటారు. సోమవారమే ఈ రెండూ పక్కపక్కన పెట్టండి. పాఠకుడు పసిగడతాడు, సారు మాత్రం గురువారం దాకా పసిగట్టకూడదు.

వాగు ఒడ్డు: పసిగట్టడానికేముంది, భాషే కారణం. సారు నాలుగు కోయ మాటలు నేర్చుకుంటే సరి.

నల్లబల్ల: భాష సగమే. మైదానంలో తెలుగు పిల్లలూ ఇలా ఉంటారు, సారు అడిగి ఆగడు కాబట్టి. 1970లలో అమెరికాలో విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో గమనిస్తే, టీచర్లు జవాబు కోసం ఆగేది సుమారు ఒక్క సెకను. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెద్దవయ్యాయి. ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లకు ఆ సెకను ప్రశ్న అందుకోవడానికే చాలదు. కథలో ఇది చెప్పకండి, కనబడనివ్వండి: "ఏడు ఇప్పగింజల్లో మూడు తీస్తే ఎన్ని? నాలుగు, రాసుకోండి." ప్రశ్నా జవాబూ సారు నోటి నుంచే. మంగళ, బుధవారాలు రెండు వాక్యాల్లో దాటేయండి. గురువారం అదే లెక్క, గింజలు నేలమీద పోసి అడిగి, బోర్డు వైపు తిరక్కుండా ఆగుతాడు. పిల్లలు ఇద్దరిద్దరుగా కోయలో గొణుక్కుంటారు. ఒక పిల్ల నాలుగు గింజలు ముందుకు తోస్తుంది. నోరు విప్పలేదు, జవాబు మాత్రం చెప్పేసింది.

సైన్సు మేడం: మాట్లాడించాలంటే పేర్లు చీటీల మీద రాసి, డబ్బాలోంచి తీసి అడగండి. ఎప్పుడూ ముందు వరస పిల్లలే చెప్పడం ఆగుతుంది.

కొత్తకలం: మేడం, నాకు తరగతి లేదండి, కథే ఉంది! అయినా బుధవారం ఆ చీటీలు బెడిసికొట్టినట్టు రాయొచ్చేమో.

నల్లబల్ల: రాయండి. ప్రశ్న కంటే ముందే చీటీ తీస్తే, పేరు వచ్చిన పిల్ల బిగుసుకుపోతుంది, మిగతావాళ్లు గండం గడిచిందని ఆలోచించడం మానేస్తారు. ముందు ప్రశ్న, తర్వాత వ్యవధి, ఆఖర్న పేరు.

ప్రూఫుల పిచ్చి: గింజలు తోయడంతో ఆపితే ఒప్పుకోను. ఇది శిక్షణ పత్రిక. పద్ధతి పనిచేసిందని కొత్త టీచరుకు తెలియాలంటే, శనివారం ఒక్కరైనా ఒక్క మాట అనాలి.

నల్లబల్ల: అయితే ఆ మాట కోయలో అననివ్వండి. అర్థం కాక సారే పక్క పిల్లవాణ్ని అడగాలి. అచ్చులో అర్థం ఇవ్వొద్దు, పాఠకుడూ సారులాగే చిక్కుపడనీ.

వాగు ఒడ్డు: అర్థం ఇవ్వాల్సిందే. లేకపోతే కోయను వింత శబ్దంగా వాడుకున్నట్టే. అచ్చుకు ముందు ఆ ఊరి కోయవాళ్లతో సరిచూపించండి. ప్రాంతాన్ని బట్టి మాట మారుతుంది.